పుండు లేదు, కడుపు మాత్రం నిండిపోతోంది

"రెండేళ్లలో మూడుసార్లు ఎండోస్కోపీ చేయించాను. పుండు లేదన్నారు. అయినా నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయి, గంటల తరబడి బరువుగా ఉంటుంది. మళ్లీ చేయించాలా?" అని 35 ఏళ్ల పాఠకురాలు అడిగారు. ఇంట్లో దిష్టి కూడా తీశారట.

మనం మింగడం మొదలుపెట్టగానే వేగస్ నాడి ద్వారా జీర్ణాశయం పై భాగానికి, అంటే ఫండస్‌కు, సంకేతం వెళ్తుంది. అక్కడి నాడుల చివర్ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై కండరం సడలుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు చిన్నగా ముడుచుకుని ఉండే జీర్ణాశయం లీటరు దాకా ఆహారం పట్టుకున్నా, లోపల ఒత్తిడి పెద్దగా పెరగదు. పరీక్షల్లో గాయమేదీ కనిపించకుండానే ఇలా కడుపు బాధపెట్టడాన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. అది ఉన్నవాళ్లలో చాలామందికి ఈ సడలింపే సరిగా జరగదు. అప్పుడు అన్నం పైన ఆగకుండా కింది భాగానికి చేరి గోడను సాగదీస్తుంది. కొద్దిగా తిన్నా "చాలు" అనే కబురు మెదడుకు అందుతుంది. కొందరిలో సడలింపు బాగానే ఉన్నా నాడులు అతిగా స్పందిస్తాయి.

అల్సర్ అలా కాదు, అది లోపలి పొర తెగి ఏర్పడిన గాయం. ఎక్కువగా హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా వల్లో, నొప్పి మాత్రల వల్లో వస్తుంది. కంటికి కనిపిస్తుంది, కారణాన్ని తొలగిస్తే మానుతుంది.

ఎండోస్కోపీ చేసేది పరగడుపున, గాలి ఊది. పొర మీద గాయాలు దానికి దొరుకుతాయి, సడలింపు దొరకదు. పెళ్లి భోజనాల వేళ రద్దీ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఖాళీ ఫంక్షన్ హాలుకు వెళ్లినట్టే. నాలుగోసారి వెళ్లినా హాలు ఖాళీగానే ఉంటుంది. రిపోర్టులో తరచూ కనిపించే "మైల్డ్ గ్యాస్ట్రైటిస్" అన్న మాటకూ ఈ బాధకూ చాలాసార్లు సంబంధం ఉండదు.

ఆమె విషయంలో ఒక్కటి మాత్రం సరిచూడాలి. మూడు పరీక్షలప్పుడూ ఆమె కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటొప్రజోల్ వేసుకుంటూనే ఉన్నారు. ఆ మందు మీద ఉంటే పైలోరీ ఉన్నా పరీక్షలో తేలకపోవచ్చు. డాక్టరుతో మాట్లాడి మందును రెండు వారాలు ఆపి, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయిస్తే సరిపోతుంది, గొట్టం అక్కర్లేదు. బ్యాక్టీరియా ఉంటే చికిత్స చేయాలి. దానితో అందరికీ కాదు గానీ కొందరికి ఈ బాధ కూడా తగ్గుతుంది.

మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడంటే, కారణం లేకుండా బరువు తగ్గినా, విరేచనం నల్లగా అయినా, రక్తం తగ్గినా, మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా. జీర్ణాశయంలో అల్సర్ దొరికినవాళ్లకు మానిందో లేదో చూడటానికి మళ్లీ చేయాల్సి రావచ్చు, ఎందుకంటే క్యాన్సర్ కూడా అల్సర్‌లా కనిపించగలదు. ఆమెకు ఇవేవీ లేవు.

పైలోరీ లేదని తేలితే చేయాల్సింది కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం, నూనె పదార్థాలు తగ్గించడం, డాక్టరు సలహాతో జీర్ణాశయం సడలడానికి తోడ్పడే అకోటియమైడ్ లాంటి మందు భోజనానికి ముందు వాడి చూడటం. నొప్పే ఎక్కువగా ఉన్నవాళ్లకు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాస్తారు. అది డిప్రెషన్ మందని తెలిసి చాలామంది మానేస్తారు. ఇక్కడ అది కడుపు నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను తగ్గించడానికే ఇస్తారు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.