"బ్లాంకెట్ ఆర్డరే కదా, ఎప్పుడైనా ఆపొచ్చు": ఈ మాట ఎంత ఖరీదో

పర్చేజ్‌లో పనిచేసేవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: "ఏడాదికి 12,000 బ్రాకెట్లకు బ్లాంకెట్ ఆర్డర్ ఇచ్చాం. ఇప్పుడు అవసరం తగ్గింది. అది అంచనానే కాబట్టి రిలీజులు ఆపేస్తే సరిపోతుంది కదా?"

సరిపోదు. బ్లాంకెట్ ఆర్డర్ అంటే ఏడాది మొత్తానికి ఒకేసారి రేటు మాట్లాడుకుని, సరుకు విడతలవారీగా తెప్పించుకునే ఆర్డర్; "ఇప్పుడు ఇంత పంపండి" అని ఇచ్చే ఒక్కో విడత రిలీజ్. ఆ 12,000 అంచనా అని ఆర్డర్‌లో రాసుంటే అది అంచనానే. కానీ రిలీజ్ ఇచ్చిన సరుకు అంచనా కాదు, ఆర్డరు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడో ముందే రాసుకోకపోతే గొడవ తప్పదు.

ఆ గీత సప్లయర్‌కు పట్టే సమయాన్ని బట్టి వస్తుంది. వారానికి 250 బ్రాకెట్లు కావాలనుకుందాం. స్టీలు తెప్పించడానికి 3 వారాలు, తయారీకి 4 వారాలు పడుతుంది. అప్పుడు షెడ్యూల్లో మొదటి 4 వారాలు ఖాయం: 1,000 బ్రాకెట్లు తీసుకోవాల్సిందే. తర్వాతి 3 వారాలకు స్టీలు మాత్రమే కొనమని అనుమతి. రద్దు చేస్తే 750 బ్రాకెట్లకు సరిపడా స్టీలు ఖర్చు మనది, తయారీ ఖర్చు కాదు. ఆపైన ఉన్నదంతా ఉత్త అంచనా. ఇలా రాసుకుంటే ఇవాళే డిమాండ్ పడిపోయినా ఎంత నష్టమో కాగితం మీదే తేలిపోతుంది. టెన్షన్ పడేవాళ్లకు నేను ముందు ఈ లెక్కే వేయిస్తాను. చాలాసార్లు వాళ్లు భయపడినంత ఉండదు.

ఇంకో అపోహ, కొత్త రిలీజ్ షీటు పంపితే పాతది దానంతటదే రద్దవుతుందని. ఇది నా తలకే చుట్టుకుంది. ఒకసారి 1,000 రిలీజును 700కి తగ్గించి మెయిల్ చేశాను. రివిజన్ నంబర్ వేయలేదు. వాళ్లు దాన్ని ఇంకో రిలీజ్ అనుకున్నారు. 1,700 వచ్చి స్టోర్స్ దారికి అడ్డంగా కూర్చున్నాయి. తప్పు నాదే, తిట్లూ నావే.

అప్పటినుంచి ప్రతి రిలీజులోనూ రిలీజ్ నంబర్, రివిజన్ నంబర్, ఆర్డర్ మొదలైనప్పటి నుంచి ఆ రోజుకు చేరాల్సిన మొత్తం రాస్తున్నాను. ఇప్పటికి 6,000 చేరితే, ఈ రిలీజుతో 6,700 అవ్వాలి. షీటును రెండుసార్లు చదివినా ఆ అంకె పెరగదు. దారిలో ఉన్న లోడునూ ఇదే పట్టిస్తుంది. మార్పు అడగాల్సింది ఒకరే, అదీ రాతపూర్వకంగా. సప్లయర్ 2 పనిదినాల్లో జవాబివ్వాలి. ఆ జవాబు వచ్చేదాకా పాత షెడ్యూలే అమల్లో ఉంటుంది. "ఫోన్లో సరేనన్నాడు" అన్నది లెక్కలోకి రాదు.

ఇక రేటు. ఫిక్స్‌డ్ అంటే ఎంత తీసుకున్నా అదే రేటని కాదు. 12,000 మీద ఇచ్చిన రేటుకు 5,000 తీసుకుంటే తేడా బిల్లు వేస్తారా లేదా అన్నది రాసుకోండి. ఆర్డర్ గడువు రిలీజ్ తేదీకా, డెలివరీ తేదీకా అన్నది కూడా. చివరి నెలలో ఇచ్చిన రిలీజుకు సరుకు గడువు దాటాకే వస్తుంది, తగాదా అక్కడే మొదలవుతుంది.