చెట్టు పడితే ‘ఉ’, పిల్లాడు పడితే ‘అ’: స్వాహిలీ నామవర్గాలపై అపోహలు - వాస్తవాలు

టాంజానియాకో కెన్యాకో ఉద్యోగానికి వెళ్లే తెలుగువాళ్లకు నేను స్వాహిలీ నేర్పుతుంటాను. మొదటి వారం పలకరింపులతో హాయిగా గడిచిపోతుంది. రెండో వారం నామవర్గాల దగ్గరికి, అంటే నామవాచకాలను విడదీసే గుంపుల దగ్గరికి, రాగానే టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో సగం, ముందే విని వచ్చిన మాటల వల్లే.

అపోహ: పద్దెనిమిది వర్గాలు బట్టీ పట్టాలి.

పండితులు స్వాహిలీ కూడా ఉన్న బంటూ కుటుంబపు భాషలన్నిటికీ కలిపి వర్గాలకు నంబర్లు ఇచ్చారు. ఏకవచనానికి ఒక నంబరు, బహువచనానికి మరొకటి. ఆ పట్టికలో 12, 13 స్వాహిలీలో లేనే లేవు. మిగిలినవాటిని జతలుగా చూస్తే రోజువారీ మాటల్లో ఎక్కువ భాగం ఐదు జతల్లోనే సర్దుకుంటాయి. వీటిలో ఆడ, మగ తేడా కూడా లేదు. ‘అమెలాల’ అంటే నిద్రపోయాడు, నిద్రపోయింది రెండూ.

అపోహ: నామవాచకం ముందున్న అక్షరాన్నే వాక్యమంతా అంటించుకుంటూ పోతే చాలు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే అపోహ ఇది. దీనికి కారణం మనం మొదట నేర్చుకునే ఉదాహరణే.

కితాబు కికుబ్వ కి-మె-అంగుక. (పెద్ద పుస్తకం పడిపోయింది.)
వితాబు వికుబ్వ వి-మె-అంగుక. (పెద్ద పుస్తకాలు పడిపోయాయి.)

కి, కి, కి. వి, వి, వి. చెవికి ఇంపుగా ఉంటుంది, వెంటనే పట్టుబడుతుంది. కానీ ఇంత తిన్నగా నడిచేది ఈ జత ఒక్కటే అనుకోవచ్చు. ఇప్పుడు ఇవి చూడండి:

మ్‌తోతో మ్‌కుబ్వ అ-మె-అంగుక. (పెద్ద పిల్లాడు పడిపోయాడు.)
మ్‌తి మ్‌కుబ్వ ఉ-మె-అంగుక. (పెద్ద చెట్టు పడిపోయింది.)

నామానికి ముందు ‘మ్’, విశేషణానికి ముందు ‘మ్’. రెండు వాక్యాలూ అక్కడిదాకా ఒకేలా నడిచి క్రియ దగ్గర విడిపోయాయి. బహువచనం చేస్తే తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది: వతోతో వకుబ్వ వ-మె-అంగుక, మితి మికుబ్వ ఇ-మె-అంగుక.

అసలు సంగతేమిటంటే, స్వాహిలీలో ఉపసర్గలు రెండు వరుసలు. ఒక వరుస నామానికి, విశేషణానికి. ఇంకో వరుస క్రియకు. ‘నా’ అనే అర్థమిచ్చే ‘-అంగు’ కూడా క్రియ పక్షమే ఎక్కువగా వహిస్తుంది. అందుకే నా చెట్టు ‘మ్‌తి వంగు’, నా చెట్లు ‘మితి యంగు’. అక్కడ ఉ, ఇ అనేవి అచ్చు ముందు వ, య అయ్యాయి, అంతే. ‘కి’ కూడా అలాగే మారి నా పుస్తకం ‘కితాబు చంగు’ అవుతుంది.

కాబట్టి ఒక మాట ఏ వర్గానిదో తెలియాలంటే దాని తల చూడకండి, క్రియ తల చూడండి. కొత్త మాటను ఒంటరిగా రాసుకోవద్దని నా విద్యార్థులకు చెబుతాను. ‘కితి అంటే కుర్చీ’ అని కాకుండా ‘కితి కిమెవుంజిక’, కుర్చీ విరిగింది అని రాసుకోవాలి. ‘మ్‌కాతె అంటే రొట్టె’ అని కాకుండా ‘మ్‌కాతె ఉమెఉంగువ’, రొట్టె మాడింది అని రాసుకోవాలి. అలా రాసుకున్నవాళ్లు రొట్టెకు మనిషి క్రియ తగిలించరు.

అపోహ: ‘న్‌దిజి’కి బహువచనం లేదు కాబట్టి ఒకటో పదో తెలియదు.

న్‌దిజి అంటే అరటిపండు. అరటిపండ్లు అన్నా న్‌దిజే. మేజా (బల్ల), న్యుంబా (ఇల్లు) కూడా ఇంతే. ఇక్కడ విశేషణం కూడా సాయపడదు, ‘న్‌జూరి’ (మంచి) రెంటికీ ఒకటే. లెక్క చెప్పేది క్రియ:

న్‌దిజి ఇ-మె-ఇవ. (అరటిపండు పండింది.)
న్‌దిజి జి-మె-ఇవ. (అరటిపండ్లు పండాయి.)

దార్ ఎస్ సలామ్‌లోని కరియాకో మార్కెట్‌లో ఎవరైనా ‘జిమెఇవ’ అన్నారంటే గెల గురించో అత్తం గురించో చెబుతున్నట్టు, ఒక్క పండు గురించి కాదు. నాకు స్వాహిలీలో బాగా ఇష్టమైన చోటు ఇది. నామం నోరు మెదపదు, పనంతా ఆ చిన్న ‘జి’ చేసేస్తుంది.

అపోహ: ‘కి’తో మొదలైతే వస్తువు, ‘మ్’తో మొదలైతే మనిషి.

మ్‌తి దగ్గరే రెండో సగం పోయింది. మొదటి సగాన్ని కిజాన (యువకుడు), కిఫారు (ఖడ్గమృగం) పడగొడతాయి. వీటి బహువచనం విజాన, విఫారు. రూపం పుస్తకాలదే. అయినా వాక్యంలో ‘కిజాన అమెఫిక’, యువకుడు వచ్చేశాడు అనాలి. ‘కిమెఫిక’ అనకూడదు. మనిషైనా జంతువైనా, పేరు ఏ వర్గం వేషంలో ఉన్నా, క్రియ దగ్గర అ, వ అనే జతకే వస్తుంది.

దీనికీ ఒక హద్దుంది. ‘నా’ విషయంలో చుట్టరికపు మాటలు తమ పాత వర్గాన్ని వదలవు. ‘బాబా యంగు అమెఫిక’, మా నాన్న వచ్చారు. క్రియకు ‘అ’ వచ్చినా, ‘వంగు’ అనకుండా ‘యంగు’ అంటారు.

అపోహ: మన భాషలో ఇలాంటివేమీ లేవు.

పిల్లలు పడ్డారు, చెట్లు పడ్డాయి. ఇద్దరు పిల్లలు, రెండు పుస్తకాలు. లెక్క చెప్పేటప్పుడు కూడా మనుషులనూ మిగతావాటినీ వేరుచేసే అలవాటు మనకు పుట్టుకతో వచ్చింది. వతోతో వవిలి (ఇద్దరు పిల్లలు), వితాబు వివిలి (రెండు పుస్తకాలు), న్‌దిజి మ్‌బిలి (రెండు అరటిపండ్లు) అని చెబితే మనవాళ్లకు వింతగా అనిపించదు. మనకు క్రియ చివర వచ్చేది వాళ్లకు క్రియ ముందు వస్తుంది. అయితే అంకెల్లో ఈ మార్పు ఒకటి నుంచి ఐదు వరకు, మళ్లీ ఎనిమిదికి మాత్రమే. అరబ్బీ నుంచి వచ్చిన సిత (ఆరు), సబ (ఏడు), తిస (తొమ్మిది) ఎవరి పక్కనైనా మారవు. స్వాహిలీ సొంత మాటే అయినా కుమి (పది) కూడా మారదు.

ఈ అలవాటే ఒకచోట దెబ్బ తీస్తుంది. తెలుగులో కుక్కలు చెట్లతో పాటు ‘రెండు’, ‘వచ్చాయి’ వైపు ఉంటాయి. స్వాహిలీలో అవి మనుషుల వైపు. మనవాళ్లు ‘మ్‌బ్వ మ్‌బిలి జిమెకుజ’ అనేస్తారు. అనాల్సింది ‘మ్‌బ్వ వవిలి వమెకుజ’. మక్కీకి మక్కీ తెనిగిస్తే ‘ఇద్దరు కుక్కలు వచ్చారు’. తెలుగువాళ్ల స్వాహిలీలో నేను ఎక్కువసార్లు దిద్దేది ఈ తప్పునే.

అపోహ: వీధిలో ఎవరూ ఇవన్నీ పాటించరు.

ఏ వీధి అన్నదాన్ని బట్టి ఉంటుంది. నైరోబీలో ‘కితాబు యంగు’ అనేవాళ్లు చాలామంది. అక్కడి వాడుకలో చాలా వర్గాలు న్‌దిజి వర్గంలోకి జారిపోయాయి, దాన్ని తప్పుగా చూడక్కర్లేదు. కానీ బడుల్లో, వార్తల్లో వినిపించే ప్రామాణిక భాషకు జాంజిబార్ పట్టణపు మాండలికం ఆధారం. 1930లో ఏర్పడిన ప్రాంతీయ భాషా కమిటీ ఆ మాండలికం మీదే ప్రమాణాన్ని నిలబెట్టింది. జాంజిబార్‌లోనో దార్ ఎస్ సలామ్‌లోనో ‘కితాబు యంగు’ అంటే అర్థం చేసుకుంటారు, కానీ మీరు బయటివారని తెలిసిపోతుంది. అందుకే ‘చంగు’ ముందు నేర్పుతాను. నైరోబీ వెళ్లేవాళ్లు ‘యంగు’ను అక్కడ నెల తిరక్కుండానే పట్టేస్తారు. ‘యంగు’తో మొదలుపెట్టి ‘చంగు’కు రావడం మాత్రం నేను చూసినంతలో చాలా కష్టం.