హీప్ కట్టడానికి n log n ఎందుకు పట్టదు?

హీప్ సార్ట్ నేర్చుకున్న వారిలో చాలామందిని ఒక సందేహం వెంటాడుతుంది. n అంకెల అర్రేను హీప్‌గా మార్చేటప్పుడు ఒక్కో అంకె తన చోటు చేరడానికి log n మెట్ల వరకు కదలవలసి రావచ్చు. అలాంటప్పుడు మొత్తం పని n log n కావాలి గదా, పుస్తకాలు O(n) అని ఎందుకు అంటాయి? తరగతిలో ఈ చోట ఒక శ్రేణి మొత్తాన్ని గబగబా రాసి ముందుకు సాగిపోవడం పరిపాటి. జవాబు అందులోనే ఉన్నా, కారణం మాత్రం కంటికి కనబడదు.

హీప్‌కు ఉన్న నియమం ఒక్కటే: ఏ తల్లి నోడూ తన పిల్లలకంటే చిన్నది కాకూడదు. పిల్లల మధ్య ఏ క్రమమూ అక్కరలేదు. 1 నుంచి లెక్కిస్తే i వ స్థానం పిల్లలు 2i, 2i+1 స్థానాల్లో ఉంటాయి కనుక, చెట్టంతా అర్రేలోనే ఇమిడిపోతుంది. ఈ ఏర్పాటును, హీప్ సార్ట్‌నూ 1964లో జె. డబ్ల్యు. జె. విలియమ్స్ ప్రకటించాడు. ఆయన పద్ధతిలో అంకెలు ఒక్కొక్కటిగా వచ్చి చెట్టు అడుగున చేరి పైకి ఎక్కేవి. అదే ఏడాది రాబర్ట్ ఫ్లాయిడ్ దిశను మార్చాడు: అంకెలన్నింటినీ ముందే అర్రేలో ఉంచి, పిల్లలున్న చివరి నోడ్ నుంచి వెనక్కి వస్తూ, ఒక్కో నోడ్‌ను కిందికి దింపాడు.

4, 7, 1, 9, 3, 8, 5 అనే అర్రేను తీసుకుందాం. పిల్లలున్న చివరి స్థానం 3. అక్కడి 1 తన పిల్లలైన 8, 5 లలో పెద్దదైన 8తో చోటు మార్చుకుంటుంది. 2వ స్థానంలోని 7 అలాగే 9తో మారుతుంది. చివరగా వేరులోని 4 మొదట 9తో, తరువాత 7తో మారి అడుగుకు చేరుతుంది. ఫలితం 9, 7, 8, 4, 3, 1, 5. మొత్తం నాలుగు మార్పిడులే జరిగాయి. ఏడు నోడ్ల చెట్టులో ఇంతకంటే ఎక్కువ జరగవు.

ఎందుకు జరగవో చూద్దాం. ఒక నోడ్ గరిష్ఠంగా తన కిందనున్న మట్టాలెన్నో అన్ని మెట్లే దిగగలదు, దానినే ఆ నోడ్ ఎత్తు అంటారు. కాబట్టి మనకు కావలసింది ఎత్తులన్నింటి మొత్తం. మట్టాలన్నీ నిండిన చెట్టులో ప్రతి నోడ్‌కూ ఒక దారి గీద్దాం: మొదట కుడి పిల్లకు, అక్కడి నుంచి అడుగు వరకు ఎప్పుడూ ఎడమకే. ఆ దారిలోని కొమ్మల సంఖ్య సరిగ్గా ఆ నోడ్ ఎత్తుకు సమానం. ఇప్పుడు ఏదో ఒక కొమ్మను పట్టుకుని అది ఎవరి దారిలోనిదని అడిగితే, ఒక్కటే జవాబు వస్తుంది. అది కుడి కొమ్మ అయితే, దాని పైనున్న నోడ్‌దే. ఎడమ కొమ్మ అయితే, మొదటి కుడి కొమ్మ తగిలేవరకు పైకి ఎక్కి, ఆ కుడి కొమ్మ పైనున్న నోడ్‌ను యజమానిగా గుర్తించవచ్చు. ఏ కొమ్మకూ ఇద్దరు యజమానులు లేరు. n నోడ్ల చెట్టులో n-1 కొమ్మలే ఉంటాయి గనుక, ఎత్తుల మొత్తం అంతకు మించలేదు.

వేరు నుంచి ఎడమ అంచు వెంట దిగే కొమ్మలకు మాత్రం యజమాని ఉండదు. 15 నోడ్ల చెట్టులో 14 కొమ్మలుంటే, ఆ మూడింటినీ తీసివేయగా 11 మిగులుతాయి. 4×1 + 2×2 + 1×3 కూడా 11. చివరి మట్టం సగమే నిండినప్పుడు లెక్క కొంచెం మారినా, ఎత్తుల మొత్తం n కంటే తక్కువగానే ఉంటుంది. మెట్టుకు రెండు పోలికల చొప్పున, హీప్ కట్టడానికి 2n కంటే తక్కువ పోలికలు చాలు.

విలియమ్స్ మార్గంలో ఇదే చెట్టు ఎదురు తిరుగుతుంది. సగం నోడ్లు అడుగు మట్టంలోనే ఉంటాయి; ఫ్లాయిడ్ వాటిని అసలు కదిలించడు, విలియమ్స్ పద్ధతిలో మాత్రం అంకెలు ఆరోహణ క్రమంలో వస్తే వాటిలో ప్రతిదీ వేరు వరకు ఎక్కుతుంది. 15 అంకెలకు అది 34 మెట్లు. 1023 అంకెలకు 8194. ఫ్లాయిడ్ లెక్కలో 1023కు గరిష్ఠం 1013. (అంకెలు చిందరవందరగా వస్తే విలియమ్స్ పద్ధతి కూడా సగటున n కి అనుపాతంలోనే నడుస్తుంది, తేడా పెద్దదయ్యేది ప్రతికూల సందర్భాల్లోనే.)

మరి సార్ట్ మొత్తం n లో ఎందుకు ముగియదు? కట్టిన హీప్‌లో వేరులోని 9ని చివరి 5తో మార్చి పక్కన పెడితే, అడుగు నుంచి వచ్చిన 5 ఇప్పుడు వేరు నుంచి దిగాలి. ప్రతి విడతలోనూ ఇదే తంతు: దిగేది ఎప్పుడూ వేరు నుంచే, దిగవలసింది చెట్టు మొత్తం ఎత్తు. పైగా అడుగు నుంచి వచ్చినవి సాధారణంగా చిన్న అంకెలు కనుక దాదాపు అడుగు వరకూ పోతాయి. పోలికలతో చేసే ఏ సార్ట్ కూడా n log n ను తప్పించుకోలేదని వేరుగా రుజువుంది. ఆ భారమంతా ఈ రెండో దశ మీదే పడుతుంది.

అందువల్ల ఫ్లాయిడ్ పద్ధతి లాభం పూర్తి సార్ట్‌లో అంతగా కనబడదు. పది లక్షల అంకెల్లో అతిపెద్దవి పది మాత్రమే కావాలనుకున్నప్పుడు కనబడుతుంది. హీప్ కట్టడానికి 20 లక్షల లోపు పోలికలు, పదింటిని తీయడానికి, విడతకు గరిష్ఠంగా 38 చొప్పున, 380 పోలికలు చాలు. మొత్తం పనిలో తీయడం వంతు లెక్కలోకి రానంత చిన్నది.