వాంకోమైసిన్‌తో తగ్గిన విరేచనాలు మళ్లీ ఎందుకు తిరగబెడతాయి?

యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు ఒకటి రెండు రోజులు మోషన్ పలచగా అవడం మామూలే. మందు ఆపితే చాలామందిలో అదే సర్దుకుంటుంది. కానీ రోజుకు మూడు, అంతకన్నా ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలు అవుతూ, కడుపు మెలిపెట్టినట్టు నొప్పి, జ్వరం కూడా ఉంటే సంగతి వేరు. యాంటీబయాటిక్ వాడుతుండగా గానీ, ఆపిన మూడు నెలల్లోపు గానీ ఇలా మొదలైతే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. డాక్టర్లు దీన్ని సి.డిఫ్ అంటారు. క్లిండామైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వర్గం మందులు, సెఫలోస్పోరిన్లు వాడాక ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

డెబ్బై ఏళ్ల ఆవిడ ఒకరిని ఊహించుకుందాం. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి వారం రోజులు సిప్రోఫ్లోక్సాసిన్ వేసుకున్నారు. కోర్సు అయిపోయిన ఐదో రోజు నుంచి రోజుకు ఎనిమిది విరేచనాలు. మలపరీక్షలో సి.డిఫ్ విషపదార్థం, అంటే టాక్సిన్, ఉన్నట్టు తేలింది. రక్తంలో తెల్లకణాలు 17,000, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ 1.7. తెల్లకణాలు 15,000 లేదా అంతకు మించినా, క్రియాటినిన్ 1.5 దాటినా జబ్బు తీవ్రమైనదిగా లెక్కిస్తారు. ఆవిడకు రెండూ దాటాయి.

ఆవిడకు సి.డిఫ్ మీద పనిచేసే యాంటీబయాటిక్ వాంకోమైసిన్ 125 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లు, పది రోజులు నోటి ద్వారా ఇచ్చారు. ఈ 'నోటి ద్వారా' అన్న మాట చాలా ముఖ్యం. నరానికి ఎక్కించిన వాంకోమైసిన్ పేగులోకి దాదాపు చేరదు కాబట్టి ఈ జబ్బుకు పనికిరాదు. మింగితే అది రక్తంలోకి పెద్దగా ఇంకదు, ఎక్కువ భాగం పేగులోనే ఉండిపోతుంది. ఇక్కడ మనకు కావలసింది అదే. క్యాప్సూల్ దొరకని ఆసుపత్రుల్లో ఇంజెక్షన్ పొడినే కలిపి తాగిస్తారు. 500 మిల్లీగ్రాముల సీసాలో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు కలిపితే, అందులో 2.5 మిల్లీలీటర్లు ఒక మోతాదు అవుతుంది. దాన్ని కాసిని నీళ్లలో కలిపి తాగిస్తారు, చేదుగా ఉంటుంది.

మూడు నాలుగు రోజులకు విరేచనాలు తగ్గుముఖం పట్టాలి. ఈ రోజుల్లో ఒంట్లో నీరు, లవణాలు తగ్గకుండా చూసుకోవాలి. విరేచనాలు కట్టే లోపెరమైడ్ లాంటి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ఇంట్లోవాళ్లు పొరబడే చోటు ఇంకొకటి ఉంది. విరేచనాలు ఉన్నట్టుండి ఆగిపోయి, కడుపు ఉబ్బి, మనిషి నీరసపడిపోతే అది తగ్గడం కాదు, పేగు కదలిక ఆగిపోయిందన్నమాట. బీపీ కూడా పడిపోతుంటే ప్రాణాపాయమే, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. అక్కడ వాంకోమైసిన్ మోతాదు 500 మిల్లీగ్రాములకు పెంచుతారు, మెట్రోనిడజోల్ అనే ఇంకో యాంటీబయాటిక్ నరానికి ఎక్కిస్తారు, అవసరమైతే వాంకోమైసిన్‌ను ఎనీమాగా కూడా ఇస్తారు. సర్జన్‌ని కూడా అప్పుడే పిలవాలి.

మన ఉదాహరణలో అంతదాకా రాలేదు. పదో రోజుకు ఆవిడకు పూర్తిగా నయమైంది. మందు ఆపిన రెండు వారాలకు మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. ఇది అరుదేమీ కాదు. వాంకోమైసిన్ కోర్సు పూర్తిచేసిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి, సాధారణంగా ఎనిమిది వారాల్లోపు, జబ్బు తిరగబెడుతుంది. ఒకసారి తిరగబెట్టినవాళ్లకు మరోసారి తిరగబెట్టే అవకాశం ఇంకా ఎక్కువ.

మందు పనిచేయకపోవడం వల్ల ఇలా జరగదు. సి.డిఫ్ తనకు గడ్డుకాలం వచ్చినప్పుడు గట్టి తొడుగున్న బీజాంశంగా మారి నిద్రపోతుంది. పెరుగుతున్న బ్యాక్టీరియా మీద పనిచేసే వాంకోమైసిన్ ఈ బీజాంశాలను ఏమీ చేయలేదు. మామూలుగా వాటిని నిద్రలేవనీయకుండా కాపలా కాసేది పేగులోని మంచి బ్యాక్టీరియా. కాలేయం నుంచి వచ్చే పిత్త ఆమ్లాల్లో కొన్ని బీజాంశాలను మొలకెత్తిస్తాయి. మంచి బ్యాక్టీరియాలో కొన్ని జాతులు ఆ ఆమ్లాలనే సి.డిఫ్ ఎదుగుదలను అడ్డుకునే రూపంలోకి మారుస్తాయి. మొదటి యాంటీబయాటిక్ ఆ జాతులను దెబ్బతీసింది. వైద్యంగా ఇచ్చిన వాంకోమైసిన్ మిగిలినవాటిలో చాలావాటిని తుడిచేసింది. మందు పేగులో ఉన్నన్నాళ్లూ సి.డిఫ్ అణిగి ఉంది. మందు పోయింది, కాపలా ఇంకా రాలేదు, బీజాంశాలు మొలకెత్తాయి.

సి.డిఫ్‌కే వాడే మరో యాంటీబయాటిక్ ఫిడాక్సోమైసిన్ విలువ ఇక్కడే తెలుస్తుంది. 200 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, పది రోజులు. ఇది సి.డిఫ్ మీద గురిగా పనిచేస్తూ, బ్యాక్టీరాయిడిస్ లాంటి మంచి జాతులను చాలావరకు వదిలేస్తుంది. కొత్త బీజాంశాలు తయారవడాన్నీ తగ్గిస్తుంది. 2011లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఈ రెండు మందులతో నయమైనవాళ్ల శాతం దాదాపు ఒకటే. జబ్బు తిరగబెట్టింది మాత్రం వాంకోమైసిన్ తీసుకున్నవాళ్లలో సుమారు 25 శాతం మందికి, ఫిడాక్సోమైసిన్ వాళ్లలో 15 శాతం మందికి. అందుకే 2021 నాటి అమెరికా మార్గదర్శకాలు మొదటి ఎంపికగా దీన్నే సూచించాయి. ఖరీదు చాలా ఎక్కువ కావడం పెద్ద అడ్డంకి. అందరికీ ఇవ్వలేని చోట వయసు మళ్లినవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువవాళ్లకు, ఇప్పటికే ఒకసారి తిరగబెట్టినవాళ్లకు ముందుగా ఇవ్వడం న్యాయమని మా అభిప్రాయం.

ఆవిడకు రెండో కోర్సు మొదలుపెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఇది నిజంగా సి.డిఫేనా? ఈ జబ్బు తగ్గాక కొన్ని వారాలపాటు పేగు చికాకుగా ఉండి మోషన్ పలచగా అవడం కద్దు. పీసీఆర్ పరీక్ష బ్యాక్టీరియా జన్యువును మాత్రమే పట్టుకుంటుంది. కోలుకున్న మనిషిలో కూడా అది చాలాకాలం పాజిటివ్ రావచ్చు. అందుకే టాక్సిన్ పరీక్షను, లక్షణాలను కలిపి చూడాలి. బాగైన మనిషికి 'పోయిందా లేదా' అని మళ్లీ పరీక్ష చేయించడం అనవసరం.

ఆవిడకు టాక్సిన్ మళ్లీ పాజిటివ్ వచ్చింది. ఈసారి ఫిడాక్సోమైసిన్ ఇస్తే అవే ఇరవై మాత్రలను సాగదీసి ఇవ్వవచ్చు: మొదటి ఐదు రోజులు రోజుకు రెండు, ఆ తర్వాత ఇరవై రోజులు రోజు విడిచి రోజు ఒకటి. అది దొరక్కపోతే వాంకోమైసిన్‌నే మెల్లగా తగ్గిస్తూ వస్తారు. 125 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు 10 నుంచి 14 రోజులు, తర్వాత వారం రోజులు రెండుసార్లు, ఇంకో వారం ఒకసారి, ఆపైన రెండు మూడు రోజులకొకసారి చొప్పున 2 నుంచి 8 వారాలు. మోతాదుల మధ్య ఎడంలో మొలకెత్తిన బీజాంశాలను తర్వాతి మోతాదు చంపుతుంది, ఆ ఎడంలోనే మంచి జాతులూ కాస్త పుంజుకుంటాయి.

అయినా పదే పదే తిరగబెడుతుంటే ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగులోకి పంపిస్తారు. 2013లో నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనంలో ఈ వైద్యం పొందిన 16 మందిలో 13 మందికి ఒక్కసారికే నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే తీసుకున్న 13 మందిలో నయమైంది నలుగురికే.

ఇంట్లో జాగ్రత్త చేతులతో మొదలవుతుంది. ఆల్కహాల్ శానిటైజర్‌కు బీజాంశాలు చావవు. సబ్బుతో నీళ్ల కింద రుద్ది కడిగితేనే వదులుతాయి. మరుగుదొడ్డిని బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేయాలి. గ్యాస్‌కి వాడే ఒమెప్రజోల్ లాంటి మాత్ర నిజంగా అవసరమా అని డాక్టర్‌ని అడగాలి. రేపు పన్నుకో, దగ్గుకో ఎవరైనా యాంటీబయాటిక్ రాయబోతే, సి.డిఫ్ వచ్చి తగ్గిందని ముందే చెప్పాలి. యాంటీబయాటిక్ తప్పనిసరైతే, అది నడిచినన్నాళ్లూ రోజుకు ఒక్క మోతాదు వాంకోమైసిన్ 125 మిల్లీగ్రాములు తోడుగా ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ అప్పుడు ఆలోచించగలుగుతారు.