ఆర్గాన్ కలిపితే ఈక్విలిబ్రియం ఎటు జరుగుతుంది? అపోహలు - వాస్తవాలు

కెమిస్ట్రీ పాఠం చెప్పడం నా పని. ఏ బ్యాచ్‌ని అడిగినా ఈ టాపిక్‌లో ఒకటే మాట వస్తుంది, "ప్రెషర్ పెరిగితే మోల్స్ తక్కువ ఉన్న వైపుకి సార్" అని. తప్పేం కాదు గానీ, ఆ ప్రెషర్ ఎలా పెరిగిందో మాత్రం ఎవరూ అడగరు, అక్కడే మార్కులు పోతాయి.

ఒక్క ఉదాహరణ పట్టుకుందాం. PCl5 ⇌ PCl3 + Cl2, అన్నీ గ్యాసులే. లెక్క తేలిగ్గా ఉండాలని ఈక్విలిబ్రియం దగ్గర మూడూ ఒక్కో మోల్ ఉన్నాయనీ, మొత్తం ప్రెషర్ 3 atm అనీ అనుకోండి. అంటే ఒక్కోదాని పార్షియల్ ప్రెషర్ 1 atm, కాబట్టి Kp = 1×1/1 = 1. టెంపరేచర్ మార్చట్లేదు కాబట్టి ఇక చివరిదాకా ఈ 1 మారదు.

అపోహ: ఆర్గాన్ కలిపితే మొత్తం ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి వెనక్కి, అంటే PCl5 వైపుకి జరుగుతుంది.

వాస్తవం: గట్టి గోడల డబ్బాలోకి 3 మోల్స్ ఆర్గాన్ పంపామనుకోండి. మీటర్ 3 నుంచి 6 atm కి ఎక్కుతుంది, నిజమే. కానీ PCl5 ఉన్న చోటు అంతే, దాని మోల్స్ అంతే, దాని పార్షియల్ ప్రెషర్ ఇంకా 1 atm యే, మిగతా రెండూ అంతే. Kp లెక్కనే ఆ క్షణంలో ఉన్న పార్షియల్ ప్రెషర్లతో కడితే వచ్చేది Q, అది మళ్ళీ 1, Kp తో సమానం, ఏమీ కదలదు. Q లో ఉండేది రియాక్షన్‌లో ఉన్న గ్యాసుల పార్షియల్ ప్రెషర్లే, మీటర్ చూపించే మొత్తం ప్రెషర్‌తో దానికి పని లేదు.

ఇది అర్థమయ్యాక పిల్లలు వెంటనే రెండో గోతిలో పడతారు.

అపోహ: అయితే జడవాయువు కలిపితే ఎప్పుడూ ఏమీ కాదు, అది రియాక్షన్‌లో వేలు పెట్టదు కదా.

వాస్తవం: అదే 3 మోల్స్ ఆర్గాన్‌ని ఈసారి కదిలే పిస్టన్ ఉన్న సిలిండర్‌లోకి పంపండి, బయట ప్రెషర్ 3 atm దగ్గరే ఉంచి. మొత్తం 6 మోల్స్ అయ్యాయి, పిస్టన్ పైకి లేచి వాల్యూమ్ రెట్టింపయింది, మన మూడు గ్యాసులకీ ఒక్కోదానికి 0.5 atm యే మిగిలింది. Q = 0.5×0.5/0.5 = 0.5. Kp కంటే తక్కువ, కాబట్టి ముందుకే పోవాలి. ఎంత పోతుందంటే, x మోల్స్ PCl5 విడిపోయిందనుకుని రాస్తే 4x² + 11x − 3 = 0 వస్తుంది, x = 0.25. PCl5 0.75 కి దిగింది, PCl3, Cl2 చెరో 1.25 అయ్యాయి. ఆర్గాన్ చేసిందల్లా చోటు పెంచడమే, వాల్యూమ్ నేరుగా రెట్టింపు చేసి వదిలేసినా మొదటి క్షణంలో Q ఇదే 0.5. అందుకే ప్రశ్నలో "స్థిర వాల్యూమ్" అన్నాడా "స్థిర ప్రెషర్" అన్నాడా అనేది చూడకుండా పెన్ను కదపొద్దంటాను.

ఈ స్థిర ప్రెషర్ కథ ఫ్యాక్టరీల్లో నిజంగా నడుస్తుంది. ఇథైల్ బెంజీన్ నుంచి స్టైరీన్ చేసేటప్పుడు ఒక మోల్ రెండు మోల్స్ అవుతుంది కాబట్టి ఫీడ్‌తో పాటు బోలెడంత స్టీమ్ కలుపుతారు, స్టీమ్ వేరే పనులు కూడా చేస్తుందనుకోండి, కానీ పార్షియల్ ప్రెషర్లు తగ్గించడం అందులో ఒకటి. అమ్మోనియా దగ్గర ఇదే తిరగబడుతుంది, అక్కడ నాలుగు మోల్స్ రెండవుతాయి, తిరుగుతున్న గ్యాస్‌లో ఆర్గాన్ పేరుకుంటే అమ్మోనియా దిగుబడి పడిపోతుంది, అందుకే కొంత గ్యాస్ ఎప్పటికప్పుడు బయటికి వదిలేస్తారు.

అపోహ: వాల్యూమ్ తగ్గిస్తే వెనక్కి జరుగుతుంది కాబట్టి Cl2 గాఢత తగ్గిపోతుంది.

వాస్తవం: ఇది నాకు భలే ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే బాగా చదివేవాళ్ళే ఎక్కువ పడతారు. మన మొదటి డబ్బాని సగానికి నొక్కితే ఆ క్షణంలో ఒక్కోటీ 2 atm, Q = 2, వెనక్కి జరుగుతుంది, సరే. లెక్క చేస్తే Cl2 సుమారు 0.78 మోల్స్‌కి తగ్గుతుంది, కానీ ఆ 0.78 సగం చోటులో ఇరుక్కుంది, పార్షియల్ ప్రెషర్ 1.56 atm! మోల్స్ తగ్గాయి, గాఢత పెరిగింది. నొక్కడంతో పెరిగినదాంట్లో కొంతే వెనక్కి తగ్గుతుంది, మొత్తం కాదు.

దీన్ని కంటితో చూడాలంటే 2NO2 ⇌ N2O4 ఉంది. NO2 ముదురు గోధుమ రంగు, N2O4 కి రంగు లేదు. NO2 విషం కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. మూతి మూసిన గాజు సిరంజిలో ఈ గ్యాస్ పెట్టి పిస్టన్ గబుక్కున నొక్కి పక్క నుంచి చూస్తే రంగు ఒక్కసారిగా ముదిరి, తర్వాత కొంచెం పలచబడి, అయినా మొదటికంటే ముదురుగానే ఆగుతుంది. అది చూసి "రంగు పెరిగింది కాబట్టి NO2 వైపుకి జరిగింది" అని రాసేవాళ్ళున్నారు, పాపం. ఈసారి సిరంజిని నిలువుగా, పొడవునా, మూతి వైపు నుంచి చూడండి. అలా చూస్తే కంటికి తగిలేది గాఢత కాదు, ఆ దారిలో ఉన్న మొత్తం NO2. అది నొక్కిన తర్వాత మొదటికంటే పలచగా కనిపిస్తుంది, ఎందుకంటే నిజంగానే కొంత NO2 N2O4 అయిపోయింది.