ఏనుగుకి చీమ జత ఎందుకు కుదరలేదు?

చిట్టితల్లీ, అబ్బాయీ,

తమ్ముడికి వ్యతిరేక పదాలు నేర్పాలని మీరు గీసిన బొమ్మ కార్డులు బాగున్నాయి. "ఏనుగు పక్కన చీమని పెట్టి అడిగితే వాడు పెద్ద, చిన్న అనట్లేదు తాతయ్యా, ఏనుగు, చీమ అంటున్నాడు" అని రాశారు కదా. వాడు చెప్పింది సరైన జవాబే. ఆ రెండు బొమ్మల్లో తొండం, కాళ్లు, రంగు అన్నీ వేరే. అన్ని తేడాల్లో మీరు అడిగేది ఏ తేడా గురించో వాడికెలా తెలుస్తుంది?

గుమ్మం దగ్గరున్న చెప్పుల జత చూడండి. రంగు ఒకటే, కొలత ఒకటే, పట్టీ ఒకటే. ఒకటి ఎడమ, ఒకటి కుడి, తేడా అంతే. కార్డుల జత కూడా అలాగే ఉండాలి. ఒకే బంతిని ఒక కార్డు మీద పెద్దగా, ఇంకో దాని మీద చిన్నగా గీయండి. ఒకే గ్లాసు, ఒకసారి నిండుగా, ఒకసారి ఖాళీగా. ఒకే గొడుగు, తెరిచి, మూసి. మొదటి రోజుకి ఈ మూడు జతలు, అంటే ఆరు కార్డులు చాలు. దళసరి అట్టని జానెడులో సగం పొడవు, అంతే వెడల్పుగా కత్తిరించి, మూలలు గుండ్రం చేయండి. బోర్లించి గుర్తుపెట్టుకునే ఆట ఇప్పుడే వద్దు, అన్నీ వెల్లకిలా పరచండి. జతకో రంగు అంచు మాత్రం వేయకండి, వాడు బొమ్మ మానేసి అంచులు కలుపుతాడు.

ఇక్కడ నా చెప్పుల పోలిక తెగిపోతుంది. అన్నీ తప్పులేకుండా కలిపేశాడని మీరు మురిసిపోతారు, కానీ వాడు గ్లాసుకి గ్లాసుని, గొడుగుకి గొడుగుని కలిపాడంతే. దానికి మాటలతో పనేముంది!

అందుకని రెండో రోజు నిండు బకెట్, ఖాళీ బకెట్ గీసి, గ్లాసు కార్డులతో కలిపి నాలుగే పరచండి. నిండు గ్లాసుని చూపించి "ఇది నిండుగా ఉంది. ఖాళీ బకెట్ ఏది?" అనండి. నిండు బకెట్ తీశాడంటే బకెట్ అన్న మాటే పట్టుకున్నాడు, ఖాళీ ఇంకా అందలేదు. తప్పని అరవకండి. నిజం గ్లాసులో నీళ్లు పోసి, వాడి చేతే ఒంపించి, "ఇప్పుడు ఖాళీ" అని మళ్లీ కార్డుల దగ్గరికి రండి. అది కుదిరాక ఒట్టి "ఖాళీ" అని మాత్రం అనండి. గ్లాసూ బకెట్టూ రెండూ ఏరి తెచ్చాడా, మాట వాడిదైనట్టే.

మెత్తన, గట్టి లాంటివి గీస్తే తెలియవు. ఒక అట్ట మీద దూది, ఇంకో దాని మీద చెక్కముక్క అంటించి తడమనివ్వండి. ఇక్కడ వస్తువు మారక తప్పదు, కాబట్టి వీటిని ఆఖర్న పెట్టుకోండి.

ఇక మీకో పని. మూడు బంతులు గీయండి: చిన్నది, నడిమిది, పెద్దది. పెద్దదాన్ని చేత్తో మూసి, నడిమిది పెద్దదా చిన్నదా అని తమ్ముణ్ణి అడగండి. తర్వాత చిన్నదాన్ని మూసి, అదే నడిమి బంతిని చూపించి మళ్లీ అడగండి. వాడేమన్నాడో నాకు రాయండి.

మీ తాతయ్య