పదిహేను బస్తాల గీత ఎందుకు చాలదు?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఒక తెలుగు వర్తకుడి బియ్యం దుకాణాన్ని ఊహించుకుందాం. అక్కడ రోజుకు 2 నుంచి 8 బస్తాల దాకా, ఏ సంఖ్యకైనా సమానావకాశంతో, గిరాకీ ఉంటుంది; అంటే సగటున 5 బస్తాలు. సాయంత్రం ఆర్డరు పెడితే, మధ్యలో మూడు రోజుల అమ్మకం గడిచాక, నాలుగో రోజు ఉదయం శ్రీకాకుళం వైపు నుంచి లారీ వస్తుంది. మూడు రోజులకు సగటు గిరాకీ 15 కనుక, నిల్వ 15కు దిగగానే 40 బస్తాలు ఆర్డరు చేస్తే సరిపోతుందని, మహా అయితే సగం సార్లు సరుకు చాలదని ఎవరికైనా అనిపిస్తుంది.

దీనిని స్ప్రెడ్‌షీటులో పరీక్షించవచ్చు. 2 నుంచి 5 దాకా వరుసలను ఖాళీగా ఉంచి, E5లో తొలి నిల్వ 40, J1లో ఆర్డరు గీత 15, J2లో ఆర్డరు పరిమాణం 40 వేసి, ఆరో వరుసలో ఇలా రాయాలి:

```
B6: =G2
C6: =RANDBETWEEN(2,8)
D6: =MIN(E5+B6,C6)
E6: =E5+B6-D6
G6: =IF(E6+SUM(G3:G5)<=$J$1,$J$2,0)
```

వరుసగా ఇవి వచ్చిన సరుకు, గిరాకీ, అమ్మకం, సాయంత్రపు నిల్వ, కొత్త ఆర్డరు. G6లో దారిలో ఉన్న సరుకును కూడా కలపడం ముఖ్యం. దానిని మరిచిపోతే లారీ వచ్చేదాకా ప్రతి సాయంత్రం మరో 40 ఆర్డరవుతూ, గోదాము నిండిపోతుంది. ఈ వరుసను వెయ్యి రోజులకు కిందికి లాగాలి. నెల రోజులు చాలవు, ఎందుకంటే అందులో లారీ వచ్చేది మూడు నాలుగు సార్లే.

ఫలితం ఆశ్చర్యపరుస్తుంది: లారీ వచ్చేలోగా సరుకు చాలని సందర్భాలు సగం కాదు, దాదాపు మూడింట రెండు వంతులు. కారణం సాయంత్రపు లెక్కలోనే ఉంది. నిల్వ సరిగ్గా 15 దగ్గర ఆగదు. నిన్న 17 ఉండి, నేడు 5 అమ్ముడైతే ఆర్డరు పెట్టేసరికి మిగిలినవి 12. ఇలా గీత కిందికి జారేది సగటున 2.4 బస్తాలు.

గీతను 20కి పెంచితే కొరత దాదాపు ఐదింట ఒక వంతుకు, 25కి పెంచితే వందకు రెండు సార్లకు తగ్గుతుంది. సాయంత్రపు సగటు నిల్వ మాత్రం సుమారు 17.3 నుంచి 21కి, ఆపై 25.5కి పెరుగుతుంది. మొదటి ఐదు బస్తాలు చవకగా దొరికినట్టే, ఎందుకంటే వాటిలో సగం దాకా అంతకుముందు చేజారిన గిరాకీకే పోతాయి. రెండో ఐదు దాదాపు పూర్తిగా గోదాములోనే కూర్చుంటాయి. అయితే గీతలను పోల్చే ముందు C నిలువు వరుసను విలువలుగా అతికించి స్థిరపరచాలి. లేకపోతే J1 మార్చిన ప్రతిసారీ గిరాకీ కూడా మారిపోయి, తేడా గీతదో అదృష్టానిదో తేలదు.

లారీ ప్రతిసారీ ఒక రోజు ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చూడవచ్చు. పైన మరో ఖాళీ వరుస చేర్చి, B సూత్రం ఐదు వరుసల పైనున్న ఆర్డరును చూసేలా, G మొత్తం నాలుగు వరుసలను కలిపేలా మార్చాలి. అప్పుడు 20 గీత వద్ద కూడా కొరత మళ్లీ మూడింట రెండు వంతులకు చేరుతుంది.